‘తీసుకుంది’ అని రాశారు, అసలు మాట ‘కావాల్సి రావచ్చు’

నమస్కారమండీ. మాది కోనసీమలో గోదావరి పాయ పక్కన ఊరు. డిగ్రీ చదివి మా ఊరి గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఇంగ్లీషులో వచ్చే ప్రభుత్వ కాగితాల సారాంశం తెలుగులో రాసి బోర్డు మీద పెడుతుంటాను. లంకకి కట్టబోయే వంతెన అప్రోచ్ రోడ్డు కోసం సెక్షన్ 11 కింద ఒక భూసేకరణ నోటిఫికేషన్ జూన్ 12న వచ్చింది. నేను ఇలా రాశాను: “ప్రభుత్వం మన ఊళ్లో ఎకరా 62 సెంట్ల భూమి తీసుకుంది. ఆసక్తి ఉన్నవాళ్లు రెండు నెలల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ఆ భూముల్లో ఇక లావాదేవీలు కుదరవు.” కింద పేర్లు, ఎవరిది ఎంత పోతుందో రాశాను. మా పెదనాన్నకి 18 సెంట్లు.

పెదనాన్న మా అక్క పెళ్లి కోసం, ఆ ముక్క ఉన్న ఎకరా ఇరవై సెంట్ల పొలాన్నీ అమ్మడానికి బయానా తీసుకుని ఉన్నాడు. కొనే ఆయన నా కాగితం చదివి డబ్బు వెనక్కి ఇమ్మంటున్నాడు. పక్క తోట కౌలుకి చేసే ఆయన “నాకేం ఆసక్తి ఉంటుందమ్మా, భూమి నాది కాదుగా” అని ఊరుకున్నాడు. ఇంకో ఇంటివాళ్లు తమ పేరు లేదు కాబట్టి తమకి సంబంధం లేదనుకుంటే, తీరా చూస్తే వాళ్ల తాతగారి పేరు ఉంది. “నువ్వు రాయకపోతే ఈ గొడవే ఉండేది కాదు” అన్నాడు పెదనాన్న. నేను మాటకి మాట తర్జుమా చేయాలా, సారాంశమే రాయాలా, అసలు మానేయాలా? పేపరు కటింగు జత చేశాను. మీ జవాబు కోసం చూస్తుంటాను.
— ఒక పాఠకురాలు, జూలై 13

అమ్మా, మీ ప్రశ్న కంటే ముందు మీరు పంపిన కటింగు గురించి మాట్లాడాలి, ఎందుకంటే అందులో మీకింకా తెలియని తప్పు ఒకటుంది. పెదనాన్నగారి సర్వే నంబరు ఎదురుగా 0.1820 అని ఉంది. ఆ గడి పైన చిన్న అక్షరాల్లో “హెక్టార్లలో” అని ఉంది. ఎకరానికి వంద సెంట్లు కదా అని మీరు దాన్ని 18 సెంట్లుగా చదివారు. హెక్టారంటే సుమారు 2 ఎకరాల 47 సెంట్లు. హెక్టార్లలో ఉన్న అంకెని 247తో గుణిస్తే సెంట్లు వస్తాయి. 0.1820ని గుణించి చూడండి, 45 సెంట్లు. మొత్తం 1.6200 హెక్టార్లంటే ఎకరా 62 సెంట్లు కాదు, సుమారు నాలుగు ఎకరాలు. మన వైపు ఎవరూ పొలాన్ని హెక్టార్లలో అనుకోరు కాబట్టి ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది. బోర్డు మీద రాసేటప్పుడు హెక్టార్ల అంకె కూడా పక్కనే ఉంచండి. లెక్క తప్పితే చదివినవాళ్లలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

రెండో సంగతి గడువు. నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి అరవై రోజులు. జూన్ 12 నుంచి లెక్కేస్తే ఆగస్టు 11. “రెండు నెలలు” అని రాస్తే చదివేవాడు ఎక్కడి నుంచి లెక్కపెట్టుకోవాలి? మీరు బోర్డు మీద పెట్టిన రోజు నుంచా, తాను చదివిన రోజు నుంచా? ఈ నోటిఫికేషన్ గెజిట్లో ఒక రోజు, రెండు దినపత్రికల్లో ఇంకో రోజు, పంచాయతీ, తహసీల్దారు ఆఫీసుల్లో మరో రోజు కనబడవచ్చు. వాటిలో అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి లెక్క వేసి, ఆఖరు తేదీని అంకెల్లో రాయడం క్షేమం. మీరు ఉత్తరం రాసేనాటికి 31 రోజులు గడిచాయి, 29 మిగిలాయి. అందుకే ఈ జవాబు అచ్చుకి ఇవ్వకముందే మీకు విడిగా పంపించాను.

ఇక మీ మొదటి వాక్యం. “తీసుకుంది” అని రాశారు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11లో ఉన్న మాట “రిక్వైర్డ్ ఆర్ లైక్లీ టు బి రిక్వైర్డ్”. అంటే కావాలి, లేదా కావాల్సి రావచ్చు. భూమి ఇంకా రైతుదే, రైతు చేతిలోనే ఉంది. దీని తర్వాత అభ్యంతరాలు వినాలి. ఆ పైన సెక్షన్ 19 కింద డిక్లరేషన్ రావాలి, అప్పుడు గానీ ప్రభుత్వం నిశ్చయించుకున్నట్టు కాదు. ఆ డిక్లరేషన్ పన్నెండు నెలల్లోపు రాకపోతే, గడువు పొడిగించకపోతే, ఈ మొదటి నోటిఫికేషన్ రద్దయినట్టే లెక్క. డిక్లరేషన్ వచ్చాక మరో పన్నెండు నెలల్లోపు అవార్డు, అంటే ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చే ఉత్తర్వు రావాలి. మామూలుగా అయితే ఆ డబ్బు చెల్లించాకే స్వాధీనం. దేశ రక్షణ, ప్రకృతి విపత్తు లాంటి వాటికి సెక్షన్ 40 కింద అత్యవసరంగా తీసుకునే వీలుంది. మీ కటింగులో ఆ సెక్షన్ ఊసు లేదు.

మన జిల్లాల విభజన గుర్తు చేసుకోండి. 2022 జనవరిలో వచ్చింది ప్రాథమిక నోటిఫికేషన్. అభ్యంతరాలకి ముప్పై రోజులు ఇచ్చారు. కోనసీమ జిల్లా నిజంగా ఏర్పడింది ఏప్రిల్ 4న, తుది నోటిఫికేషన్ అమల్లోకి వచ్చాక. జనవరిలోనే “జిల్లా వచ్చేసింది” అని రాసి ఉంటే అది తప్పే కదా. భూమి విషయంలో ఆ తప్పు ఇంకా బరువుగా పడుతుంది. “తీసుకుంది” అని చదివినవాడు ఇక అభ్యంతరం ఎందుకు రాస్తాడు?

అందుకే ఏ నోటిఫికేషన్ చేతికొచ్చినా నేను ముందు చూసేది అది ఏ చట్టం కింద, ఏ సెక్షన్ కింద వచ్చిందన్నది. జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు చట్టమే వేరు, 1956 నాటిది. మీ ప్రాంతం మీదుగా కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216 రహదారి ఉంది కదా, అలాంటిదానికి నోటిఫికేషన్ వస్తే అది ‘3ఏ’ కింద వస్తుంది. అక్కడ అభ్యంతరానికి ఇచ్చేది 21 రోజులే. తర్వాత ‘3డీ’ కింద ప్రకటన వచ్చిన రోజునే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడిపోతుంది. అప్పుడు “తీసుకుంది” అని రాస్తే ఒప్పు. చదివేవాడికి రెండు కాగితాలూ ఒకేలా కనబడతాయి, రెండింటి కిందా సర్వే నంబర్ల పట్టికే ఉంటుంది. తేడా అంతా పైన ఉన్న ఆ ఒక్క అంకెలోనూ అక్షరంలోనూ ఉంది. కాబట్టి సెక్షన్ నంబరుని సారాంశంలోంచి తీసేయకండి. చదివేవాడికి దాని అర్థం తెలియకపోయినా, ఆఫీసులోనో వకీలు దగ్గరో ఆ నంబరు చెబితే పని జరుగుతుంది.

“ఆసక్తి ఉన్నవాళ్లు” దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. పత్రికలో అనువాదాలు చేసే రోజుల్లో ‘ఇంటరెస్టెడ్ పర్సన్స్’ అని కనబడితే చాలు, “ఆసక్తి గలవారు” అని రాసేసేవాణ్ని. ఒకసారి ఒక పెద్దాయన గడువు దాటాక మా ఆఫీసుకి వచ్చాడు. “నాకు ఆసక్తి లేదండి, పొలం ఇవ్వడం నాకు ఇష్టమే లేదు, అందుకే కాగితం పెట్టలేదు” అన్నాడు. పొలం ఇవ్వడం ఇష్టం లేని మనిషే అభ్యంతరం పెట్టాలి. నా మాట ఆయన్ని సరిగ్గా వెనక్కి తిప్పి పంపింది. ఆ రోజు నుంచి ఆ మాట రాయలేదు. చట్టంలో ఇంటరెస్ట్ అంటే ఇష్టం కాదు, ఆ భూమిలో ఉన్న హక్కు, వాటా, లేదా దాని మీద ఆధారపడిన బతుకు.

ఆ చట్టమే ఎవరెవరు ఈ మాట కిందికి వస్తారో చెప్పింది. పరిహారంలో వాటా ఉందనేవాళ్లు, ఆ భూమి మీదుగా దారి హక్కు లాంటిది ఉన్నవాళ్లు, రాష్ట్ర చట్టాల ప్రకారం కౌలు హక్కు ఉన్నవాళ్లు, పాలికి చేసేవాళ్లు, ఆ భూమి పోతే ప్రధాన జీవనాధారం దెబ్బతినేవాళ్లు. మీ ఊరి కౌలు రైతు భూమి తనది కాదనుకుని ఊరుకున్నాడు గానీ, చివరి మాట అచ్చంగా ఆయన గురించే. కాయల దింపు మీద వచ్చే డబ్బే ఇంటికి ఆధారమని, ఎన్నేళ్లుగా చేస్తున్నాడో, కౌలు కాగితమో కార్డో ఉంటే దాని నకలుతో సహా ఆగస్టు 11 లోపు కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఇచ్చినంత మాత్రాన తోట పోకుండా ఆగుతుందని చెప్పలేను. అయితే బాధిత కుటుంబాలెవరో తేల్చేటప్పుడు ఆయన పేరు కాగితం మీద ఉంటుంది. ఇవ్వకపోతే, పట్టాదారు పేరు తప్ప అక్కడ ఇంకెవరూ ఉన్నట్టు ఆఫీసుకి తెలియకపోవచ్చు.

పేర్ల సంగతికొస్తే, రెవెన్యూ రికార్డులో పట్టాదారు గడిలో చనిపోయినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. అందుకని మీరు పట్టికని పేర్లతో కాకుండా సర్వే నంబర్లతో రాయండి. పక్కన “కాలువకి తూర్పున, ఫలానా తోట దగ్గర” అని ఊరివాళ్లు పోల్చుకునే గుర్తు పెట్టండి. పేరు రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎవరి పొలం ఎంత పోతుందో ఊరందరి ముందూ వేలాడదీస్తే, పెళ్లి సంబంధాల దగ్గర నుంచి అప్పుల దాకా అన్నీ కదులుతాయి, మీ పెదనాన్నగారి విషయంలో చూశారుగా. ఇంకో సంగతి, ఈ నోటిఫికేషన్ తర్వాత భూమి రికార్డుల్ని రెండు నెలల్లో సరిచేయాలని చట్టం కలెక్టరుకి చెబుతోంది. ఆ తాతగారి వారసులు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్లాల్సింది ఇప్పుడే. పరిహారం వచ్చే వేళకి వెళ్తే డబ్బు తగాదాలో ఇరుక్కుంటుంది.

పెదనాన్నగారి పొలం సంగతి కొంచెం మెలికైనది. లావాదేవీల మీద నిషేధం నిజమే. ప్రచురణ తేదీ నుంచి ఆ భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆ నిషేధం మీరు బోర్డు మీద రాసినందువల్ల రాలేదు, రాయకపోయినా ఉండేది. తెలియక రిజిస్ట్రేషన్‌కి వెళ్లి ఉంటే అక్కడ ఆగేది, లేదా గుట్టుగా కాగితం రాసుకుని ఉంటే కొన్నాయన నష్టపోయేవాడు. తెలిసి నిషేధాన్ని మీరితే వచ్చే నష్టాన్ని కలెక్టరు పూడ్చడని చట్టంలోనే ఉంది. మీ సారాంశంలో లోపమల్లా, నిషేధం ఎంతవరకో రాయకపోవడం. అది నోటిఫికేషన్‌లో ఉన్న 45 సెంట్లకే. మిగతా 75 సెంట్ల మాట ఆ కాగితంలో లేదు. చట్టంలో ఆ నిషేధం కిందే “అయితే” అని మొదలయ్యే ఇంకో వాక్యం ఉంది: యజమాని దరఖాస్తు చేస్తే, ప్రత్యేక కారణాలు రాసిపెట్టి కలెక్టరు మినహాయింపు ఇవ్వవచ్చు. ఇంగ్లీషులో ‘ప్రొవైడెడ్ దట్’ అని మొదలయ్యే వాక్యాన్ని సారాంశం రాసేవాళ్లు ముందు వదిలేస్తారు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి. రైతుకి దారి చూపించేది తరచు ఆ వాక్యమే.

కాబట్టి ఆయన ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అక్క పెళ్లి సంగతి చెప్పి, బయానా కాగితం జతచేసి మినహాయింపు అడగడం. ఇవ్వడమూ మానడమూ కలెక్టరు విచక్షణ, పెళ్లి ముహూర్తంలోగా తేలుతుందన్న నమ్మకం లేదు. రెండోది, కొనే ఆయనతో కూర్చుని 75 సెంట్లకి ఒప్పందం తిరగరాసుకోవడం. అలా చేయాలంటే సర్వేయరు వచ్చి రోడ్డుకి పోయే ముక్కని కొలిచి విడదీయాలి. ఆ సబ్‌డివిజన్ జరగకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నంబరు మొత్తం ఆగిపోయే ప్రమాదముంది. పక్కన రోడ్డు పడుతుందని కొనే ఆయన ధర పెంచవచ్చు, ముక్క చిన్నదైందని తగ్గించనూవచ్చు. మూడోది, బయానా తిరిగిచ్చి అవార్డు దాకా ఆగడం. అప్పుడు మార్కెట్ విలువని ఈ నోటిఫికేషన్ తేదీ నాటికి లెక్కగట్టి, దాన్నిబట్టి తేలే పరిహారం మీద సొలేషియం అని నూటికి నూరు శాతం కలుపుతారు. పైగా సామాజిక ప్రభావ అధ్యయనానికి ఇచ్చే నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా గానీ స్వాధీనం దాకా గానీ, ఏది ముందైతే అంతవరకు, మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం ఇస్తారు. కానీ ఇందాక చెప్పిన గడువులు రెండూ కలిపితే రెండేళ్లు పట్టవచ్చు, పెళ్లి అన్నాళ్లు ఆగదు. నాకైతే రెండో దారి దగ్గరగా కనబడుతోంది గానీ, కొనే ఆయన మనసు, సర్వేయరు తీరిక మీకే తెలుస్తాయి.

మీరు రాయకుండా వదిలేసిన ఇంకొక ముక్క: అభ్యంతరం దేని మీద చెప్పవచ్చో. ఇంత భూమి, ఈ భూమే సరైనదా అన్నది ఒకటి. చెప్పిన ప్రజా ప్రయోజనం నిజంగా సమర్థనీయమా అన్నది రెండు. సామాజిక ప్రభావ నివేదికలో ఉన్న విషయాలు మూడు, అదీ ఆ నివేదిక తయారుచేసి ఉంటే. రేటు ఇందులో లేదు. “ఎకరానికి ఇంత ఇవ్వాలి” అని ఈ అరవై రోజుల్లో రాసి, అభ్యంతరం పెట్టేశామనుకుని ఇంట్లో కూర్చునేవాళ్లని చాలామందిని చూశాను. రేటు గురించి చెప్పుకునే వేళ వేరే ఉంది, డిక్లరేషన్ తర్వాత సెక్షన్ 21 కింద ఇచ్చే నోటీసు అందినప్పుడు. ఇప్పుడు రాయాల్సింది “రోడ్డుని పది గజాలు పడమటికి జరిపితే బీడుగా ఉన్న స్థలం సరిపోతుంది, కాయలు కాసే మెరక పోదు” లాంటి మాట, వీలైతే చిన్న పటం గీసి. కాగితం ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవాలి. స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇమ్మని అందులోనే అడగాలి, చట్టం ఆ అవకాశం ఇస్తుంది. వకీలు చేతనైనా చెప్పించుకోవచ్చు.

ఇప్పుడు మీరడిగిన మూడూ. మాటకి మాట తర్జుమా చేస్తే మీ మీద మాట రాదు, అది నిజమే. కానీ ఆ తెలుగు ఎలా ఉంటుందో మీ పంచాయతీ బోర్డు దగ్గరికి వెళ్లి చూడండి. ఈ నోటిఫికేషన్‌ని స్థానిక భాషలో అక్కడ పెట్టాలని చట్టమే చెబుతోంది. “ఇందుమూలముగా సకల జనులకు తెలియజేయడమేమనగా” అని మొదలై, వాక్యం ముగిసేసరికి మొదలు మర్చిపోతాం. దాన్ని ఇంకోసారి రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయితే ఆ ప్రతి మీకు పనికొస్తుంది. మీ అర్థం సరిగా ఉందో లేదో దానితో సరిచూసుకోవచ్చు. రెండూ తేడాగా ఉంటే తహసీల్దారు ఆఫీసులో అడగండి, అడిగేదాకా ఆ వాక్యం బోర్డు ఎక్కించకండి. మానేస్తే ఇంట్లో శాంతి. కానీ నోటిఫికేషన్ ఎలాగూ ఊళ్లోకి వస్తుంది, దాని అర్థం చెప్పే పని మాత్రం భూములు కొనడానికి తిరిగే మధ్యవర్తి చేతికి పోతుంది. సారాంశమే రాస్తానంటే, ప్రతి వాక్యంలోనూ మూడు చూసుకోండి: ఏం జరిగిపోయింది, ఏం ఇంకా జరగలేదు, ఎవరు ఏ తేదీలోపు ఏం చేయాలి.

మీ కటింగుని నేనైతే ఇలా రాస్తాను:

“లంక వంతెన అప్రోచ్ రోడ్డు కోసం మన ఊళ్లో సుమారు 4 ఎకరాలు (1.6200 హెక్టార్లు) కావాల్సి రావచ్చని ప్రభుత్వం మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టం, సెక్షన్ 11. జూన్ 12న పత్రికలో వచ్చింది. భూమి ఇంకా తీసుకోలేదు. కింద ఉన్న సర్వే నంబర్లలో మీకు హక్కు గానీ వాటా గానీ కౌలు గానీ ఉన్నా, ఆ భూమే మీకు జీవనాధారమైనా, ఆగస్టు 11 లోపు కలెక్టరుకి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. ఇప్పుడు అడగాల్సింది ఈ భూమి అవసరమా, ఇంత కావాలా అన్నది. ధర గురించి తర్వాత విడిగా నోటీసు వస్తుంది. నోటిఫికేషన్‌లో ఉన్న మేరకు మాత్రమే అమ్మకం, తాకట్టు ఆగుతాయి. తప్పనిసరైతే కలెక్టరుని మినహాయింపు అడగవచ్చు. పట్టా చనిపోయినవారి పేరున ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. ఇది సారాంశం మాత్రమే. అసలు ప్రతి పంచాయతీ ఆఫీసులో ఉంది.”

పాత కాగితం చింపేయకండి. దాని పక్కనే “సవరణ” అని తేదీ వేసి కొత్తది పెట్టండి, ఏది తప్పు రాశారో కూడా రెండు ముక్కల్లో చెప్పండి. పాతది మాయమైతే, అది చదివి వెళ్లినవాడు రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేడు. కౌలు రైతు ఇంటికీ ఆ తాతగారి వారసుల ఇంటికీ మీరే వెళ్లి చెప్పండి, వాళ్లు మళ్లీ బోర్డు దగ్గరికి వస్తారని అనుకోవద్దు.

అన్నిటికంటే ముందు, కొత్త కాగితం బోర్డు ఎక్కకముందే, దాన్ని పట్టుకుని పెదనాన్నగారి దగ్గరికి వెళ్లండి. పోయేది 18 కాదు, 45 సెంట్లన్న మాట ఆయన బోర్డు మీద చదవకూడదు, మీ నోటి నుంచి వినాలి. మినహాయింపు దరఖాస్తు కూడా రాసి తీసుకెళ్లండి, ఆయన సంతకం పెట్టడమే తరువాయి అన్నట్టు.